సాలిడ్‌వర్క్స్‌లో సెక్షన్ వ్యూ, డీటెయిల్, ఆక్సిలరీ: తొమ్మిదేళ్లు వాడాక నా సమీక్ష

మాది వైజాగ్ ఆటోనగర్‌లో చిన్న డిజైన్ ఆఫీసు. ప్లాంట్లవాళ్ల దగ్గర అరిగిపోయిన స్పేర్లు మా దగ్గరికొస్తే కొలతలు తీసి, మోడల్ చేసి, డ్రాయింగ్ ఇస్తాం. తొమ్మిదేళ్లుగా రోజూ సాలిడ్‌వర్క్స్ డ్రాయింగ్ పేజీ ముందే కూర్చుంటున్నాను కాబట్టి మోడలింగ్ సంగతి పక్కన పెట్టి, కోత గీసే భాగం గురించే రాస్తున్నా. సెక్షన్ వ్యూ ఎలా పెట్టాలో చెప్పే వీడియోలు కావాల్సినన్ని ఉన్నాయి, కోతలో ఏది కనపడాలి, ఏది కనపడకూడదు అన్నది ఎక్కడ పట్టుకోవాలో చెప్పేవే తక్కువ.

ముందే నా అభిప్రాయం చెప్పేస్తా. కోత కోయడంలో ఈ సాఫ్ట్‌వేర్‌కి వంక పెట్టలేం, చాలా నిక్కచ్చిగా కోస్తుంది. కానీ అది కోసేది జ్యామితిని. మనం కాలేజీలో నేర్చుకున్న రివాజు, అంటే రిబ్బుని, షాఫ్ట్‌ని, బోల్టుని, కీని పొడవునా కోసినా హ్యాచింగ్ వెయ్యకూడదు అన్నది దానంతట అది పాటించదు, మనం చెప్పాలి. చెప్పకపోతే ఏమవుతుందో ఒక బేరింగ్ హౌసింగ్ విషయంలో చూశాను.

అది 6212 బేరింగ్ కూర్చునే కాస్ట్ ఐరన్ హౌసింగ్, బోరు 110 మి.మీ. బోరు చుట్టూ ఉన్న గుండ్రటి గోడ నుంచి కింద బేస్ దాకా రెండు వైపులా ఒక్కో రిబ్బు, మందం 12 మి.మీ. మధ్యలో నిలువుగా కోసి A-A సెక్షన్ పెట్టాను. కోత సరిగ్గా రిబ్బుల మధ్యలోంచే వెళ్లింది కాబట్టి గోడ, రిబ్బు, బేస్ మొత్తం ఒకే ముద్దలా హ్యాచింగ్‌తో నిండిపోయింది, చూడ్డానికి డ్రాయింగ్ బాగానే ఉంది కాబట్టి నేనూ ఇంకేం ఆలోచించలేదు. పై నుంచి చూసే వ్యూలో 12 దూరంలో రెండు గీతలు ఉన్నాయి గానీ వాటి మధ్య కొలత వెయ్యలేదు. ప్యాట్రన్ చేసే పెద్దాయన ఆ గీతల్ని ఏదో మెట్టు అనుకుని, సెక్షన్‌లో నిండుగా ఉంది కదా అని నిండుగానే చేశారు. 28 కిలోలు రావాల్సిన కాస్టింగ్ 38 కిలోలు వచ్చింది. అడిగితే ఆయన నా డ్రాయింగే చూపించి "ఏటి బాబూ, నిండా గీతలు గీసినావు, రిబ్బని నాకెలా తెలుస్తాది" అన్నారు. ఆయన మాటలో తప్పేం లేదు. రిబ్బుకి హ్యాచింగ్ లేకుండా ఉంటే చూసిన వెంటనే ఇది పల్చటి పలక అని తెలిసిపోయేది, ఆ రివాజు పుట్టిందే అందుకు.

సరే, దీన్ని అదుపు చేసేది ఎక్కడంటే `Section Scope` అనే డబ్బాలో. సెక్షన్ పెట్టేటప్పుడు అది వస్తుంది, చాలామంది చూడకుండా OK కొట్టేస్తారు, నేనూ కొన్నేళ్లు అదే చేశాను. అది తెరిచి ఉండగా ఎడమ పక్క ట్రీలో డ్రాయింగ్ వ్యూ కింద పార్ట్‌ని విప్పి, రిబ్బు ఫీచర్ మీద క్లిక్ చేస్తే లిస్టులోకి వస్తుంది, OK కొట్టగానే రిబ్బు మీద హ్యాచింగ్ పోయి అంచు గీత మాత్రం మిగులుతుంది. వ్యూ ఎప్పుడో పెట్టేసి ఉన్నా ఫర్వాలేదు, వ్యూ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లోకి వెళితే అదే పేరుతో ట్యాబ్ ఉంటుంది.

ఇక్కడ అసలు మెలిక ఒకటుంది. ఈ పని జరిగేది మోడల్‌లో ఆ రిబ్బుని `Rib` కమాండ్‌తో చేస్తేనే. మామూలు `Boss-Extrude` తో చేసిన రిబ్బు మన కంటికి రిబ్బే గానీ సాఫ్ట్‌వేర్‌కి అది ఇంకో ముక్క మెటల్ అంతే, లిస్టులోకి తీసుకోదు. నా హౌసింగ్‌లో జరిగింది అదే, డబ్బా చూసినా లాభం ఉండేది కాదు. అప్పుడు రెండే దారులు. ఒకటి మోడల్‌లోకి వెళ్లి ఆ ఎక్స్‌ట్రూడ్ తీసేసి `Rib` తో మళ్లీ చెయ్యడం, పావుగంట పని. రెండోది డ్రాయింగ్‌లోనే హ్యాచింగ్ తీసేసి, రిబ్బు వదిలేసి మిగతా భాగానికి స్కెచ్ గీసి `Area Hatch/Fill` తో చేత్తో నింపడం. రెండోది అర్జెంటు పనిలో తేలిగ్గా కనపడుతుంది గానీ నేను వద్దనే అంటాను, ఎందుకంటే రేపు మోడల్‌లో గోడ మందం మారితే చేత్తో గీసిన ఆ హద్దు దానితో పాటు కదలదు, హ్యాచింగ్ పాత గోడ దగ్గరే ఆగిపోతుంది, పెద్ద డ్రాయింగ్‌లో అది కంటికి ఆనదు కూడా. ఇప్పుడు మా ఆఫీసులో రిబ్బు అంటే `Rib` కమాండే, ఇంకో మాట లేదు.

అసెంబ్లీ డ్రాయింగ్‌లో ఇదే డబ్బా ఇంకా బాగా పనికొస్తుంది. `Exclude fasteners` టిక్ పెడితే టూల్‌బాక్స్ నుంచి తెచ్చిన బోల్టులు, నట్లు, వాషర్లు కోత పడకుండా నిండుగా నిలబడతాయి. కానీ నెట్‌లో దింపుకున్న బోల్టు మోడల్‌ని అది బోల్టుగా గుర్తుపట్టదు, దాన్ని మనమే లిస్టులో పెట్టాలి. అదే బోల్టు నాలుగు చోట్ల ఉంటే ఒకదాన్ని ఎంచుకుని `Don't cut all instances` టిక్ పెడితే నాలుగూ వదిలేస్తుంది. షాఫ్ట్‌ని కూడా చేత్తోనే ఎంచుకోవాలి. తర్వాత అసెంబ్లీలో కొత్త పార్ట్ ఏదైనా చేరిస్తే అది కోత పడే వచ్చేస్తుంది కాబట్టి రివిజన్ చేసిన ప్రతిసారీ ఆ లిస్టు ఒకసారి చూసుకోవాలి.

ఇప్పుడు కటింగ్ లైన్ సంగతి. దీన్ని పెట్టేటప్పుడు మౌస్ కచ్చితంగా రంధ్రం సెంటర్ మీదకో అంచు మధ్య బిందువు మీదకో తీసుకెళ్లి, అది అతుక్కున్నాకే క్లిక్ చెయ్యాలి. ఖాళీ చోట క్లిక్ చేసినా లైన్ పడుతుంది, ఆ రోజుకి వ్యూ కూడా బాగానే వస్తుంది, కానీ దానికి దేనితోనూ సంబంధం ఉండదు. అదే హౌసింగ్‌లో బేస్‌లో 18 మి.మీ. డ్రెయిన్ రంధ్రం ఉంది, కస్టమర్ దాన్ని 5 మి.మీ. పక్కకి జరపమన్నారు. మోడల్‌లో జరిపాను, డ్రాయింగ్ తెరిస్తే సెక్షన్‌లో రంధ్రం ఉంది, హ్యాచింగ్ ఉంది, అన్నీ ఉన్నాయి. కొలత వేస్తే మాత్రం 14.97 అని వచ్చింది. లైన్ పాత చోటే ఉండిపోయింది, కోత రంధ్రం సెంటర్‌లోంచి కాకుండా 5 మి.మీ. పక్కనుంచి వెళ్తోంది, కాబట్టి కనపడేది వ్యాసం కాదు, పక్కన కోసిన జ్యా. 18 చోట 15 కంటికి తేడా తెలియదు. అందుకే ఇప్పుడు సెక్షన్‌లో కనపడే ప్రతి గుండ్రటి రంధ్రానికీ ఒక కొలత వేసి చూస్తాను, మోడల్‌లో ఉన్న నంబరే రావాలి, రాకపోతే లైన్ తప్పు. అప్పుడు లైన్ మీద రైట్ క్లిక్ చేసి `Edit Cutting Line` లోకి వెళ్లి సెంటర్‌తో కోఇన్సిడెంట్ రిలేషన్ ఇస్తే మళ్లీ ఆ సమస్య రాదు.

కోత వెనకాల ఉన్నవన్నీ కనపడి వ్యూ చిందరవందరగా అయిపోతే `Section Depth` ఉంది, ఎంత దూరం దాకా చూపించాలో ఒక కొలత ఇచ్చేయొచ్చు, లేదా మాతృ వ్యూలో గులాబీ రంగు ప్లేన్‌ని లాగొచ్చు. కోసిన ముఖం ఒక్కటే చాలనుకుంటే `Slice section`. ఈ రెండూ నాకు బాగా నచ్చినవి, ఇంతకు మించి చెప్పడానికేం లేదు.

ఆక్సిలరీ వ్యూ దగ్గరికొద్దాం. మన హౌసింగ్‌కి పక్కన 30 డిగ్రీలు వాలిన ఆయిల్ ఫ్లాంజ్ ఒకటి ఉంది, దాని మీద రెండు బోల్టు రంధ్రాలు, మధ్య దూరం 80. ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడు ఆ దూరాన్ని మామూలు వ్యూలో వేశాడు, 69.28 వచ్చింది, అలాగే వదిలేశాడు. "అన్నా, సాఫ్ట్‌వేరే ఇచ్చింది కదా" అన్నాడు. సాఫ్ట్‌వేర్ అబద్ధం చెప్పలేదు, మామూలు వ్యూల్లో అది కాగితం మీద పడిన నీడ పొడవునే కొలుస్తుంది, 80 ని కాస్ 30 తో గుణిస్తే 69.28 వస్తుంది. దశాంశాల తర్వాత వింత అంకెలున్న కొలత ఎక్కడ కనపడినా ముందు అక్కడ ఏదైనా ముఖం వాలి ఉందా అని చూడమని వాడికి అప్పుడే చెప్పాను. దారి సింపుల్, ఫ్లాంజ్ ముఖం గీతలా కనపడే వ్యూలో ఆ అంచుని ఎంచుకుని `Auxiliary View` నొక్కి లాగితే ఆ ముఖం నిజ ఆకారంలో ఎదురుగా వస్తుంది, అక్కడ కొలత 80 అనే చూపిస్తుంది.

కానీ దాంతో పాటు హౌసింగ్ మొత్తం కూడా వంకరగా, కుదించుకుపోయి వస్తుంది, దాన్ని అలాగే షీట్ మీద ఉంచితే షాపులో ఎవరికీ అర్థం కాదు. ఫ్లాంజ్ చుట్టూ మూసిన స్ప్లైన్ గీసి `Crop View` కొడితే మిగతాది పోతుంది. ఆ స్ప్లైన్ గీసే ముందు వ్యూ మీద డబుల్ క్లిక్ చేసి దాన్ని లాక్ చేసుకోవాలి, లేకపోతే స్కెచ్ ఒక్కోసారి వ్యూలో కాకుండా షీట్ మీద పడుతుంది, అప్పుడు క్రాప్ పని చెయ్యదు, ఎందుకో తెలియక తల బద్దలు కొట్టుకుంటాం. ఇంకోటి, మనం వాడేది ఫస్ట్ యాంగిల్, షీట్ ప్రాపర్టీస్‌లో అది థర్డ్‌లో ఉండిపోతే ఆక్సిలరీ వ్యూ అవతలి వైపు నుంచి చూసినట్టు వస్తుంది. ఫ్లాంజ్ సిమెట్రీగా ఉంటే తేడా కనపడదు, ఒక పక్కకి చిన్న రంధ్రం ఉంటే అది కుడికి బదులు ఎడమకి పోతుంది.

డీటెయిల్ వ్యూ మీద నాకు ఫిర్యాదు తక్కువ. బోరు లోపల సర్‌క్లిప్ గాడి, దాని మూల రేడియస్ చూపించాలంటే సెక్షన్ మీదే వృత్తం గీసి 2:1 లో పక్కన పెడతాను, షీట్ 1:2 లో ఉంటుంది కాబట్టి గాడి నాలుగు రెట్లు పెద్దగా కనపడుతుంది. హ్యాచింగ్ గీతలు కూడా వ్యూతో పాటు దూరం దూరంగా జరగాలంటే `Scale hatch pattern` టిక్ ఉంది, నేను పెట్టను, మాతృ వ్యూలో ఉన్న దూరమే ఉంటే అదే పార్ట్ అని చదివేవాడికి వెంటనే తెలుస్తుంది. వృత్తం సెంటర్‌ని మాత్రం గాడి మూలకి అతికిస్తాను, గాడి 6 మి.మీ. లోపలికి జరిగినప్పుడు వృత్తం కూడా దానితో పాటు వెళ్లాలి, లేకపోతే డీటెయిల్ Bలో నున్నటి బోరు గోడ ఒక్కటే మిగులుతుంది.