రంగంతో మొదలుపెట్టాలా, సందేహంతోనా: నమ్మకం లేని బోర్డు ముందు ఏ స్లయిడ్ వరస మేలు?

ఒక తయారీ కంపెనీ సొంతంగా సోలార్ ప్లాంటు పెట్టుకోవాలా వద్దా అని బోర్డు తేల్చాలి. డైరెక్టర్లలో సగం మందికి ఈ రంగం మీద నమ్మకం లేదు. చేతిలో విశ్లేషణ ఉంది, సమయం ముప్పావు గంట. స్లయిడ్లను ఏ వరసలో పెట్టాలి? ఇలాంటి ప్రజెంటేషన్లు ఎక్కువగా రెండు రకాలుగా నడుస్తాయి. రెండింటికీ సమాచారం ఒకటే, వరస మాత్రమే వేరు. కానీ ఆ వరసే చివరికి బోర్డును ఏం అడుగుతామన్నది కూడా మార్చేస్తుంది. అందుకే ఈ పోలికను ఒక ఉదాహరణ తీసుకుని అంకెలతో చూద్దాం.

మొదటి వరస అందరికీ అలవాటైనదే. రంగం నుంచి కంపెనీ దాకా దిగివస్తుంది:

1. ప్రపంచంలో పునరుత్పాదక శక్తి పెరుగుదల
2. సోలార్, పవన విద్యుత్ ఖర్చులు తగ్గిన తీరు
3. ప్రభుత్వ విధానాలు
4. మిగతా కంపెనీలు ఏం చేస్తున్నాయి
5. మన అవసరం, మన ప్లాంటు
6. లాభనష్టాల లెక్క
7. రిస్కులు
8. అనుమతి కోరడం

రెండో వరస అడగాల్సింది ముందే అడిగేస్తుంది. ఆ తర్వాత డైరెక్టర్ల మనసులో ఉన్న సందేహాలనే ఒక్కొక్కటిగా స్లయిడ్ శీర్షికలుగా పెడుతుంది:

1. మేం అడుగుతున్నది ఇది, ఇంత డబ్బు, ఇన్నేళ్లకు
2. ఈ కరెంటులో మనం నిజంగా వాడుకునేది ఎంత?
3. మిగిలింది ఎవరు కొంటారు, ఎంతకు?
4. వడ్డీ పెరిగితే ఏమవుతుంది?
5. ఎండ తగ్గితే, ప్లాంటు అనుకున్నంత ఇవ్వకపోతే?
6. ఏం జరిగితే మేం ఆపేస్తాం

మొదటి వరసలో బలమైన స్లయిడ్ రెండోది. అంతర్జాతీయ పునరుత్పాదక శక్తి సంస్థ ఐరీనా లెక్క ప్రకారం పెద్ద సోలార్ ప్లాంట్లలో యూనిట్ కరెంటు సగటు ఖర్చు 2010లో 46 సెంట్లు, 2023 నాటికి సుమారు 4.4 సెంట్లు. పదమూడేళ్లలో తొంభై శాతం తగ్గుదల. గ్రాఫు చూడ్డానికి ఎంతో బావుంటుంది. నమ్మకం ఉన్నవారికి ఇదొక్కటే చాలు. నమ్మకం లేని డైరెక్టరు మాత్రం ఇక్కడే చేతులు కట్టుకుంటాడు. అతని సందేహం ప్యానెళ్ల ధర గురించి కాదు. తన కంపెనీకి ఆ 4.4 సెంట్లు దక్కుతాయా అన్నదే అతని ప్రశ్న. దానికి జవాబు ఆరో స్లయిడ్ దాకా రాదు. ఈలోగా ప్రశ్నలు మొదలై సమయం అయిపోతుంది, రిస్కుల స్లయిడ్‌ను హడావిడిగా దాటేయాల్సి వస్తుంది. దాచడానికే అలా చేశారని ఎవరైనా అనుకుంటే తప్పుపట్టలేం.

ఇప్పుడు ఉదాహరణలోకి వద్దాం. అంకెలు సులభంగా ఉండేలా తీసుకున్నాను. కంపెనీ ఏడాదికి 10 కోట్ల యూనిట్లు వాడుతుంది. పగలూ రాత్రీ ఒకే తీరున నడుస్తుంది కాబట్టి గంటకు సుమారు 11,400 యూనిట్లు, అంటే 11.4 మెగావాట్లు. ప్రతిపాదన 50 మెగావాట్ల సోలార్ ప్లాంటు. ఏడాది మొత్తం మీద పూర్తి సామర్థ్యంలో 20 శాతం కరెంటు వస్తుందనుకుంటే 8.76 కోట్ల యూనిట్లు అవుతాయి. మొదటి వరసలో ఇది ఐదో స్లయిడ్ మీద ‘మన అవసరంలో 88 శాతం సోలార్’ అని పెద్ద అక్షరాల్లో కనిపిస్తుంది.

రెండో వరసలో రెండో స్లయిడ్ తయారు చేయడానికి కూర్చుంటే ఈ 88 శాతం నిలవదు. భూమ్మీద ఎక్కడైనా ఏడాది సగటున పగలు సుమారు 12 గంటలే. ఆ 12 గంటలూ ప్లాంటు మనకు చాలినంత ఇచ్చిందనుకున్నా మనం నేరుగా వాడుకోగలిగేది గంటకు 11,400 చొప్పున ఏడాదికి 5 కోట్ల యూనిట్లే. ఉదయం, సాయంత్రం, మబ్బు రోజులు లెక్కలోకి తీసుకుంటే అదీ రాదు. అంటే కనీసం 3.76 కోట్ల యూనిట్లు మిట్టమధ్యాహ్నం బయట అమ్ముకోవాలి. సాయంత్రం మళ్లీ గ్రిడ్ నుంచి కొనుక్కోవాలి. ఏడాది మొత్తాలను పోల్చితే ఇది కనపడదు, గంటల వారీగా పోల్చితేనే కనపడుతుంది. బోర్డులో ఒక్క ఇంజనీరు ఉన్నా మొదట అడిగే ప్రశ్న ఇదే. నా దృష్టిలో మొత్తం ప్రజెంటేషన్‌లో అన్నిటికంటే ముఖ్యమైన స్లయిడ్ కూడా ఇదే.

మూడో స్లయిడ్ దీని కొనసాగింపు. మనకు మిగులు ఉండే సమయానికే చుట్టుపక్కల సోలార్ ప్లాంట్లన్నిటికీ మిగులు ఉంటుంది. కాబట్టి సోలార్ ఎక్కువైన మార్కెట్లలో మధ్యాహ్నం ధర పడిపోతుంది. కాలిఫోర్నియా గ్రిడ్ నిర్వాహకులు 2013లోనే దీన్ని బాతు ఆకారంలో ఉండే గ్రాఫుతో చూపించారు: మధ్యాహ్నం గ్రిడ్ మీద భారం బాగా తగ్గి, సూర్యుడు దిగగానే ఒక్కసారిగా పైకి లేస్తుంది. జర్మనీలో కొన్ని గంటలు ధర సున్నా కంటే కిందికి కూడా వెళ్లింది. కాబట్టి మిగులు కరెంటుకు మార్కెట్ సగటు ధర వేసుకోకూడదు. సోలార్ ప్లాంటుకు నిజంగా దక్కే ధర వేసుకోవాలి. మన ఉదాహరణలో అది యూనిట్‌కు 3 సెంట్లు అనుకుందాం.

సొంతంగా వాడుకున్న యూనిట్‌కు ఎంత ఆదా? ఇక్కడ ఆర్థిక డైరెక్టర్లు తప్పకుండా పట్టుకునే విషయం ఒకటుంది. కరెంటు బిల్లులో వాడిన యూనిట్లకు పడే వాడకం చార్జీ వేరు, ఒకేసారి లాగే గరిష్ఠ భారానికి పడే డిమాండ్ చార్జీ వేరు. రాత్రి కూడా అంతే భారం ఉంటుంది కాబట్టి సోలార్ వల్ల డిమాండ్ చార్జీ తగ్గదు. మొత్తం బిల్లును యూనిట్లతో భాగిస్తే 11 సెంట్లు వస్తుందనుకోండి, అందులో వాడకం చార్జీ 8 సెంట్లే అయితే మన ఆదా ఆ 8 మాత్రమే. 11 రాసిన స్లయిడ్ దగ్గర నమ్మకం పోతే మిగతా స్లయిడ్లను ఎవరూ సరిగా వినరు.

తర్వాత వడ్డీ. గ్యాస్ ప్లాంటు ఖర్చులో పెద్ద భాగం ఏటా కొనే ఇంధనానిది. సోలార్‌లో దాదాపు అంతా మొదటి రోజు పెట్టే పెట్టుబడే. అందుకే వడ్డీ దీన్ని గట్టిగా తాకుతుంది. కిలోవాట్‌కు 1,000 డాలర్లు పెట్టుబడి, ఏటా 1,752 యూనిట్లు, 25 ఏళ్లు అనుకుందాం. వడ్డీ 5 శాతమైతే ఏటా కట్టాల్సింది 71 డాలర్లు, యూనిట్‌కు 4.05 సెంట్లు. 9 శాతమైతే 102 డాలర్లు, యూనిట్‌కు 5.8 సెంట్లు. ప్యానెళ్లు అవే, ఎండ అదే, ఖర్చు మాత్రం నలభై శాతానికి పైగా పెరిగింది. నిర్వహణకు ఇంకో సెంటు కలపండి: 5.05 లేదా 6.8.

అన్నీ ఒకచోట పెడితే 50 మెగావాట్ల ప్లాంటుకు 5 కోట్ల యూనిట్ల మీద 8 సెంట్లు, 3.76 కోట్ల మీద 3 సెంట్లు, సగటున 5.85 సెంట్లు వస్తుంది. వడ్డీ 5 శాతమైతే లాభమే. 9 శాతమైతే యూనిట్‌కు దాదాపు ఒక సెంటు నష్టం, ఏడాదికి 8 లక్షల డాలర్లకు పైనే. అదే 15 మెగావాట్ల ప్లాంటు పెడితే ఏటా 2.63 కోట్ల యూనిట్లు వస్తాయి. ఎండ బాగా కాసే కొద్ది గంటల్లో తప్ప మిగులు ఉండదు, దాదాపు ప్రతి యూనిట్‌కూ 8 సెంట్ల ఆదా. 9 శాతం వడ్డీలో కూడా ఏడాదికి సుమారు 3 లక్షల డాలర్లు మిగులుతుంది.

సందేహాన్ని ముందు పెట్టే వరసకు నేను మొగ్గేది అందుకే. అది బోర్డును ఒప్పించే పద్ధతి అని కాదు. శీర్షికలుగా ఆ ప్రశ్నలు రాసుకున్న మనిషి 50 మెగావాట్లు అడగలేడు, 15 దగ్గరికి వస్తాడు. మొదటి స్లయిడ్ మీద ఉండాల్సిన కోరికే మారిపోయింది. రంగంతో మొదలైన వరసలో ఆ లెక్క ఎవరూ బలవంతంగా చేయించరు, ఎందుకంటే 88 శాతం అన్న అంకె ముందున్న నాలుగు స్లయిడ్లతో చక్కగా కలిసిపోతుంది.

ఐదో స్లయిడ్‌కు ఎక్కువ మాటలు అవసరం లేదు. ఉత్పత్తి అంచనాలు పీ50, పీ90 అని రెండు రకాలుగా వస్తాయి. మొదటిది దాటడానికి సగం అవకాశమే ఉంటుంది, రెండోది దాటడానికి తొంభై శాతం. అప్పిచ్చేవాళ్లు రెండోదాన్ని నమ్ముతారు, బోర్డుకూ అదే చూపించాలి. పీ90 ఎనిమిది శాతం తక్కువనుకుంటే 15 మెగావాట్ల ప్లాంటులో, 9 శాతం వడ్డీతో, యూనిట్ ఖర్చు 7.4 సెంట్లకు చేరుతుంది. అంటే ఇంకా 8 కంటే కిందే ఉంది, కానీ మార్జిన్ సగమైంది. ఈ మాట మనమే చెప్పాలి.

మూడో పద్ధతి కూడా కొందరు వాడతారు: రంగంలో దెబ్బతిన్న ప్రాజెక్టులతో మొదలుపెట్టడం. కరెంటు ధరకు హామీ ఇచ్చే ఒప్పందాల కోసం బ్రిటన్ ప్రభుత్వం పెట్టిన వేలం ఫలితాలు 2023 సెప్టెంబరులో వచ్చాయి, సముద్ర పవన విద్యుత్‌కు ఒక్క బిడ్ కూడా రాలేదు. అదే ఏడాది డెన్మార్క్ పవన విద్యుత్ కంపెనీ ఓర్‌స్టెడ్ అమెరికాలోని న్యూజెర్సీ తీరంలో రెండు పెద్ద ప్రాజెక్టులను ఆపేసింది. దీన్ని మొదటి స్లయిడ్‌గా పెడితే గదిలో అనుమానం పెరుగుతుందే తప్ప చర్చ ముందుకు సాగదు. వడ్డీ స్లయిడ్ పక్కన పెడితే మాత్రం బాగా పనికొస్తుంది. బ్రిటన్ వేలంలో గరిష్ఠ ధరను 2012 ధరల లెక్కన మెగావాట్ అవర్‌కు 44 పౌండ్ల దగ్గర ఉంచారు. పరికరాల ధరలు, వడ్డీలు అప్పటికే పెరిగిపోయాయి. తర్వాతి వేలానికి దాన్ని 73 పౌండ్లకు పెంచగానే 2024లో బిడ్లు తిరిగి వచ్చాయి. ఆ 29 పౌండ్ల తేడాలో పరికరాల ధరలతో పాటు వడ్డీ బలం కూడా డైరెక్టర్లకు కళ్లకు కడుతుంది.

రంగంతో మొదలయ్యే వరస మేలైన సందర్భం కూడా ఒకటుంది. బోర్డు ఇంకా నిర్ణయం దగ్గరికి రాలేదు, ‘అసలు మనం ఈ వైపు చూడాలా’ అన్నదే ప్రశ్న అనుకోండి. అప్పుడు సందేహాల స్లయిడ్లకు ఆధారం ఉండదు, ఎందుకంటే అడిగేదే లేదు. అక్కడ ఖర్చుల గ్రాఫు, విధానాలు, మిగతా కంపెనీల అనుభవం కావాలి. అయినా వాటిని సమావేశంలో చదివి వినిపించే కంటే వారం ముందు నాలుగు పేజీల నోట్‌గా పంపడం నయం.

చివరగా ఆరో స్లయిడ్, ‘ఏం జరిగితే మేం ఆపేస్తాం’. ఇది మొదటి వరసలో ఎక్కడా లేదు. మన ఉదాహరణలో దాని మీద మూడే వాక్యాలుంటాయి. అప్పు ఒప్పందం నాటికి వడ్డీ 9 శాతం దాటితే సంతకం చేయం. టెండర్లలో పెట్టుబడి కిలోవాట్‌కు 1,100 డాలర్లు మించితే మళ్లీ బోర్డు దగ్గరికి వస్తాం. మొదటి రెండేళ్ల ఉత్పత్తి పీ90 కంటే తగ్గితే విస్తరణ ప్రతిపాదన తీసుకురాం. ఈ మూడు వాక్యాలనూ మినిట్స్‌లో రాయించమని అడగండి.