వాచ్ యాప్ డిలీట్ చేస్తే ప్రీమియం ఆగదు, 5 నెలలు డబ్బులు పోగొట్టుకున్నాం

అందరికీ నమస్తే, మాది తిరుపతి. ఫిట్‌నెస్ వాచ్ కొనేవాళ్ళు, ముఖ్యంగా ఇంట్లో పెద్దవాళ్ళకి కొనిచ్చేవాళ్ళు ఇది ఒక్కసారి చదవండి.

మా నాయన వారానికోసారి అలిపిరి మెట్లు ఎక్కుతాడు, గుండె ఎంత కొట్టుకుంటా ఉందో చూసుకుంటాడు కదా అని అక్టోబర్‌లో ఒక వాచ్ కొనిచ్చినా. వాచ్‌కి ఫోన్‌లో ఒక యాప్ ఉంటుంది, అది తెరవంగానే నిద్ర స్కోరు, స్ట్రెస్ రిపోర్టు అన్నీ ప్రీమియంలో ఉన్నాయి, ఒక నెల ఫ్రీ, తర్వాత నెలకి 299 అని వచ్చింది. నాయనకి యూపీఐ లేదు కాబట్టి నా యూపీఐ ఐడీ కొట్టినాం, నా ఫోన్‌కి ఆటోపే రిక్వెస్ట్ వచ్చింది, పిన్ కొట్టి ఓకే చేసినా. అదే నేను చేసిన తప్పు.

రెండు వారాలకే నాయన చెయ్యి దురద పెడుతోంది వద్దురా అని వాచ్ తీసేసినాడు. నవంబర్ మొదటి వారంలో, అంటే ఫ్రీ నెల అయిపోకముందే, యాప్‌లో అకౌంట్ కూడా డిలీట్ చేసి యాప్ తీసేసినాం. ఇంక అయిపోయింది అనుకున్నాం. అవలేదు. నవంబర్ 12 నుంచి మార్చి 12 దాకా ప్రతి నెలా నా బ్యాంకులో 299 కట్ అవుతానే ఉంది, మొత్తం 1,495. డబ్బు కట్ అయ్యే ముందు రోజు మెసేజ్ వస్తా ఉంది గానీ అందులో వాచ్ పేరు లేదు, గూగుల్ ప్లే అని ఉంది, నేను ఇంకేదో అనుకుని వదిలేసినా.

మార్చిలో కూర్చుని వెతికితే అసలు తలనొప్పి అప్పుడు మొదలైంది. నా ప్లే స్టోర్‌లో చూస్తే ఏమీ లేదు. నాయన ఫోన్‌లో చూసినా ఏమీ లేదు. కంపెనీ చాట్‌లో అడిగితే "బిల్లింగ్ గూగుల్ ద్వారా జరిగింది, మేము ఆపలేము" అనేసినారు. అకౌంట్ డిలీట్ చేసేటప్పుడు మీ సబ్‌స్క్రిప్షన్ ఇంకా నడుస్తా ఉందని ఒక్క మాట చూపించలేదు, నాకు కోపం వచ్చేది దానికే.

తర్వాత తెలిసింది ఏమంటే, నాయన ఫోన్ ముందు మా తమ్ముడిది, దాంట్లో వాడి జీమెయిల్ కూడా అట్లనే ఉంది, ప్రీమియం తీసుకున్నప్పుడు ప్లే స్టోర్ వాడి జీమెయిల్‌తో తెరిచి ఉంది. సబ్‌స్క్రిప్షన్ ఏ జీమెయిల్‌తో కొంటే ఆ జీమెయిల్‌లోనే కనిపిస్తుంది, ఫోన్ ఎవరిదైనా, డబ్బు ఎవరిదైనా దానికి సంబంధం లేదు. తమ్ముడి మెయిల్‌లో గూగుల్ ప్లే రసీదులు అయిదూ ఉన్నాయి, వాడు ఎప్పుడూ తెరిచి చూడలేదంతే.

కాబట్టి ముందు ఇంట్లో వాళ్ళ మెయిళ్ళన్నిట్లో `GPA` అని వెతకండి. GPA తో మొదలయ్యే ఆర్డర్ నంబర్ దొరికితే అది ప్లే స్టోర్ బిల్లింగ్, ఆ మెయిల్ ఏ అకౌంట్‌కి వచ్చిందో అదే మీకు కావాల్సింది. ప్లే స్టోర్‌లో పైన మూల మీద ఉండే ఫోటో నొక్కి ఆ జీమెయిల్‌కి మారండి, అక్కడ Payments & subscriptions, దాంట్లో Subscriptions, యాప్ పేరు నొక్కితే Cancel subscription ఉంటుంది. క్యాన్సిల్ అయితే ఏ తేదీతో ముగుస్తుందో అక్కడే చూపిస్తుంది, మెయిల్ కూడా వస్తుంది, అది వచ్చేదాకా నమ్మొద్దు. ఐఫోన్ అయితే Settings లో మీ పేరు నొక్కి Subscriptions లో చూడాల, అక్కడ ఫ్రీ ట్రయల్ ముగిసేదానికి కనీసం 24 గంటల ముందే ఆపాల. రెండు చోట్లా లేకపోతే నేరుగా కంపెనీ వెబ్‌సైట్‌లో కొన్నట్టు, అక్కడే ఆపుకోవాల.

యూపీఐ యాప్‌లో ఆటోపే తీసేస్తే చాలు కదా అని మా బామ్మర్ది అన్నాడు. అది కూడా తీసేయండి, కానీ అదొక్కటే చాలదు, ఆ గూగుల్ అకౌంట్‌లో ఇంకో కార్డు ఉంటే దాని నుంచి లాగే అవకాశం ఉంది. ముందు ప్లే స్టోర్‌లో క్యాన్సిల్ చేసి, తర్వాత ఆటోపే తీయండి.

డబ్బు వెనక్కి రావడం సంగతి చెప్తా. మార్చి 12న కట్ అయింది, మరుసటి రోజే తమ్ముడి అకౌంట్ నుంచి గూగుల్‌కి రిఫండ్ అడిగితే ఆ 299 వచ్చింది. 48 గంటలు దాటితే కంపెనీనే అడగమంటారు. మిగతా నాలుగు నెలలకి ఆర్డర్ నంబర్లన్నీ పెట్టి కంపెనీకి మెయిల్ కొట్టినా, కుదరదు అన్నారు. 1,196 పోయినట్టే.

ఏప్రిల్ 12, మే 12 రెండూ దాటినాయి, ఇప్పటిదాకా మళ్ళీ కట్ కాలేదు.