ఆరేళ్లు వాడిన గ్యాస్ ఎనలైజర్: ఉదయపు స్పాన్, సాయంత్రపు డ్రిఫ్ట్

హనుమకొండలోని ఒక చిన్న ప్రయోగశాల తరఫున నేను చిమ్నీ వాయువులు కొలుస్తాను. పని ఎక్కువగా పెద్దపల్లి, సుల్తానాబాద్ వైపు ఉప్పుడు బియ్యం మిల్లుల్లో, ఊకతో మండే బాయిలర్ల దగ్గర ఉంటుంది. ఆరేళ్లుగా నా చేతిలో ఉన్నది కార్బన్ మోనాక్సైడ్‌ను ఇన్‌ఫ్రారెడ్ పద్ధతిలోను, ఆక్సిజన్‌ను రసాయన సెల్‌తోను చూపే పోర్టబుల్ ఎనలైజర్. దానికి తోడు జీరో గ్యాస్‌గా, అంటే మెషీన్‌కు సున్నా ఎక్కడో చూపడానికి, శుద్ధ నైట్రోజన్ సిలిండర్ ఒకటి, స్పాన్ కోసం, అంటే ముందే తెలిసిన ఒక పై విలువకు రీడింగును సరిపెట్టడానికి, నైట్రోజన్‌లో కలిపిన కార్బన్ మోనాక్సైడ్ సిలిండర్ ఒకటి వెంట ఉంటాయి.

స్పాన్ సిలిండర్‌ను మేము 800 పీపీఎం అని చెప్పి తెప్పించుకున్నాం, కాని దానితో వచ్చిన సర్టిఫికెట్‌లో 793 అని ఉంది. మెషీన్‌లో నమోదు చేయవలసింది ఈ 793నే. మా దగ్గర కొత్తగా చేరిన కుర్రవాడు సిలిండర్ మెడకు కట్టిన చీటీ చూసి 800 అని కొట్టి, ఒక వారం పాటు ప్రతి రీడింగునూ దాదాపు ఒక శాతం ఎక్కువగా రాశాడు.

ఈ ఎనలైజర్‌లో నాకు నచ్చనిది దాని ఆటో జీరో. కొంతసేపటికొకసారి అది చుట్టూ ఉన్న గాలిని బొగ్గు ఫిల్టర్ గుండా పీల్చుకుని, దానినే సున్నాగా తీసుకుంటుంది. అయితే ఆ బొగ్గు కార్బన్ మోనాక్సైడ్‌ను పట్టి ఉంచలేదు. మిల్లు ఆవరణలో ఊక పొగ, జనరేటర్ పొగ తిరుగుతున్నప్పుడు అందులోని మోనాక్సైడ్‌ను కూడా సున్నా కింద జమకట్టేస్తుంది. ఆ తరువాత నైట్రోజన్ పట్టి చూస్తే మైనస్ అంకె కనబడుతుంది. రెండో ఏడాదిలోనే నేను దానిని ఆపివేసి, జీరోకు ఎప్పుడూ సిలిండరే వాడుతున్నాను. ఆక్సిజన్ స్పాన్‌కు మాత్రం ఆవరణ బయటి గాలి, అంటే 20.9 శాతం, సరిపోతుంది.

అసలు పాఠం గత మే నెలలో ఒక మిల్లులో దొరికింది. ఉదయం మాన్యువల్‌లో చెప్పినట్టే సిలిండర్ ట్యూబును ఎనలైజర్ వెనుక ఇన్‌లెట్‌కు నేరుగా తగిలించి, నైట్రోజన్‌తో 0, స్పాన్ గ్యాస్‌తో 793 పెట్టుకున్నాను. పగలంతా చిమ్నీ మీద కొలతలు తీసి, సాయంత్రం షిఫ్టు ముగిశాక అదే విధంగా పట్టి చూస్తే జీరో 6, స్పాన్ 789 వచ్చాయి. అంత ఎండలో అది పెద్ద డ్రిఫ్ట్ కాదు. ఎందుకో అనుమానం వచ్చి, ఈసారి గ్యాస్‌ను చిమ్నీలోకి దూర్చే ప్రోబ్ కొన దగ్గర ఇచ్చి చూశాను. నైట్రోజన్‌కు కార్బన్ మోనాక్సైడ్ 6 దగ్గరే ఉన్నా ఆక్సిజన్ మాత్రం 1.4 శాతం చూపింది. స్పాన్ గ్యాస్ పట్టగానే మోనాక్సైడ్ 738 దగ్గర నిలిచిపోయింది.

జీరో తీసివేసి లెక్క వేస్తే 732ను 783తో భాగించాలి, అంటే 0.935. వంద వంతుల గ్యాస్‌లో ఆరున్నర వంతులు బయటి గాలి కలుస్తోందన్నమాట. 20.9లో ఆరున్నర శాతం దాదాపు 1.4 కాబట్టి రెండు అంకెలూ ఒకే మాట చెబుతున్నాయి. తప్పు ఎనలైజర్‌ది కాదు, ప్రోబ్ నుంచి దాని దాకా గ్యాస్ వచ్చే లైనుది. విప్పి చూస్తే, ఫిల్టర్ గిన్నె మూత కింది రబ్బరు రింగు మీద బూడిద పలుకు ఒకటి ఇరుక్కుని ఉంది, బహుశా మధ్యాహ్నం ఫిల్టర్ మార్చినప్పుడు పడి ఉంటుంది. ఫిల్టర్ పంపుకు ముందు ఉంటుంది కాబట్టి అక్కడ చీలిక ఉంటే గాలి లోపలికే వస్తుంది. వెనుక ఇన్‌లెట్‌కు నేరుగా గ్యాస్ ఇచ్చినప్పుడు ఆ దారి మొత్తం పక్కకు పోతుంది గనుక లీకు ఎన్నటికీ బయటపడదు. ప్రోబ్ కొన దగ్గర ఇచ్చినా మోనాక్సైడ్ జీరో ఒక్కటే చూస్తే అది దొరకదు, బయటి గాలిలో మోనాక్సైడ్ దాదాపు ఉండదు కదా.

ప్రమాణంగా పెట్టుకున్న ఒక ఆక్సిజన్ శాతానికి సరిదిద్దిన విలువల్లో ఇలా కలిసిన గాలి ప్రభావం చాలావరకు తనంతట తానే సర్దుకుంటుంది, ఎందుకంటే మోనాక్సైడ్ తగ్గిన దామాషాలోనే, 20.9 నుంచి ఆక్సిజన్ రీడింగు తీసివేయగా మిగిలేది కూడా తగ్గుతుంది. సరిదిద్దని పీపీఎం విలువలకు మాత్రం ఆ అదృష్టం లేదు. లీకు మధ్యాహ్నమే మొదలైందని రూఢిగా చెప్పలేక, మిల్లు యజమానికి నచ్చజెప్పి ఆ రోజు కొలతలన్నీ కొట్టివేశాను.

ఇప్పుడు ఉదయం, సాయంత్రం రెండుసార్లూ గ్యాస్ ప్రోబ్ కొన దగ్గరే ఇస్తున్నాను. అక్కడ ఒక టీ జాయింటు పెట్టి, పంపు నిమిషానికి లీటరు పీలిస్తే సిలిండర్ నుంచి లీటరున్నర వదులుతాను. మిగిలిన అర లీటరు మూడో నోటి నుంచి బయటకు పోతూ ఉండాలి, లేకుంటే ప్రోబ్ బయటి గాలిని పీల్చుకుని లేని లీకును చూపుతుంది. గ్యాస్‌ను ఒత్తిడితో లైనులోకి నెడితే ఇందుకు వ్యతిరేకంగా, ఉన్న లీకు దాగిపోతుంది. ఆ బయటకు పోయేది విషవాయువు కనుక ఈ పని ఆరుబయటే చేయాలి. రీడింగు కదలకుండా ఆగేందుకు రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఫిల్టర్ తెరిచిన ప్రతిసారీ ప్రోబ్ కొనను వేలితో మూసి, గ్యాస్ ప్రవాహాన్ని చూపే రోటామీటర్ గుండు అడుగుకు దిగిందో లేదో చూస్తాను.

మెషీన్ విషయానికొస్తే ఇన్‌ఫ్రారెడ్ భాగం ఆరేళ్లలో ఒక్కసారీ మొరాయించలేదు, ఆక్సిజన్ సెల్‌ను మాత్రం ఇప్పటికి రెండుసార్లు మార్చాను. మాన్యువల్‌లో ప్రోబ్ కొన దగ్గర స్పాన్ పట్టాలన్న ముక్క ఎక్కడా లేకపోవడం దాని మీద నాకున్న రెండో ఫిర్యాదు.