మాదాపూర్ కోవర్కింగ్‌లో పదమూడు నెలలు, లాక్-ఇన్ మధ్యలో ఖాళీ చేసిన లెక్క

నెట్ బాగుండేది, కాఫీ మెషీన్ నెలకోసారి మొరాయించేది, రాత్రి ఎనిమిదికి ఏసీ ఆపేసేవాళ్లు. పదమూడు నెలలు ఉన్నాక సేవల గురించి నాకు పెద్దగా ఫిర్యాదు లేదు. అసలు అనుభవం ఖాళీ చేసేటప్పుడే మొదలైంది, కాబట్టి ఈ సమీక్షంతా దాని గురించే.

ఎనిమిది సీట్ల కేబిన్, సీటుకు 8,500, అంటే నెలకు 68,000, పైన జీఎస్టీ. డిపాజిట్ మూడు నెలలది, 2,04,000. ఒప్పందం 2023 ఏప్రిల్ 1 నుంచి 24 నెలలు, అందులో మొదటి 18 నెలలు లాక్-ఇన్, అంటే మధ్యలో మానేసినా అద్దె కట్టాల్సిన కాలం, నోటీసు రెండు నెలలు. 2024 ఫిబ్రవరిలో పెద్ద క్లయింట్ పోయాడు, ఎనిమిది మందిమి ముగ్గురమయ్యాం. ఆ నెలాఖరున మెయిల్‌లో నోటీసిచ్చి, ఏప్రిల్ 30న వెళ్లిపోతామన్నాం.

వాళ్ల లెక్క వచ్చింది: లాక్-ఇన్‌లో మిగిలిన ఐదు నెలలకు 3,40,000, నోటీసుకు ఇంకో రెండు నెలలు 1,36,000, మొత్తం 4,76,000, ఆపైన జీఎస్టీ. నోటీసు ఇచ్చాం కదా, మళ్లీ నోటీసు డబ్బులేంటని అడిగాను. "సర్, లాక్-ఇన్‌లో నోటీసు చెల్లదు, అది అయిపోయాకే ఇవ్వాలి" అంది సెంటర్ మేనేజర్. అంటే 18 నెలల లాక్-ఇన్ నిజానికి 20 నెలలన్నమాట! సంతకం పెట్టే రోజు అద్దె తగ్గించుకోవడం మీదే దృష్టి, ఈ కోణం నాకు తట్టనే లేదు. ఒప్పందం మళ్లీ చదివితే "లాక్-ఇన్ తర్వాత రెండు నెలల నోటీసుతో రద్దు చేయవచ్చు" అని ఉంది. నోటీసు ఎప్పుడు ఇవ్వాలో, ఎప్పుడు పూర్తవ్వాలో స్పష్టంగా లేదు. ఆ అస్పష్టతే మాకు పట్టు దొరికిన మొదటి చోటు.

రెండోది కళ్ల ముందే దొరికింది. మార్చిలో మూడుసార్లు కొత్తవాళ్లను తీసుకొచ్చి మా కేబిన్ చూపించారు. మే 1 నుంచి ఖాళీ అని సేల్స్ అబ్బాయి వాళ్లకు చెబుతుంటే అక్కడే ఉన్నాను. ఆ తేదీలు, మాటలు రాసి మెయిల్ పంపాను: మే నుంచి వేరొకరు వస్తే మీకు నష్టమెక్కడిది? కాంట్రాక్ట్ చట్టం 1872 సెక్షన్ 74 ప్రకారం ఒప్పందంలో రాసుకున్న మొత్తం గరిష్ఠమే, అందులో న్యాయమైన పరిహారమే దక్కుతుందని మా ఆడిటర్ చెప్పిన వాక్యం కూడా చేర్చాను. ఆ సెక్షన్ పట్టుకుని గెలుస్తామనే భ్రమ లేదు. ఆర్బిట్రేషన్ బెంగళూరులో అని ఒప్పందంలో ఉంది, ఆ ఖర్చుకు ఈ డబ్బు సరిపోదు.

మధ్యలో వాళ్లు నాలుగు సీట్లు ఐదు నెలలు ఉంచుకోమన్నారు. అది 1,70,000, మాకు అక్కర్లేని కుర్చీలకి. వద్దన్నాం. అద్దె ఆపేసి డిపాజిట్లో సర్దుకోమందామని మా పార్టనర్ అన్నాడు, నేను ఆపాను. ఇది లైసెన్స్ ఒప్పందం, అంటే చోటు వాడుకునే అనుమతి మాత్రమే, ఒక్క క్లిక్‌తో యాక్సెస్ కార్డులు ఆపేస్తారు, మా సర్వర్ లోపలే ఉండిపోతుంది.

చివరికి నోటీసు లెక్కలోకి తీసుకుని లాక్-ఇన్‌కి రెండు నెలలు, 1,36,000 దగ్గర తెగింది. జరిమానా మీద జీఎస్టీ ఏంటని వాదించి ఓడిపోయాను. ముందే ఖాళీ చేసే రుసుము కూడా అద్దెతో పాటే పన్ను పడే సేవగా 2022 సర్క్యులర్ చెబుతోందని ఆడిటర్ చూపించారు. ఇన్‌పుట్ క్రెడిట్ ఉంది, అంటే ఆ పన్నును మేము కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకోవచ్చు, కాబట్టి పెద్దగా నొప్పి లేదు. జీఎస్టీ 24,480 కలిపి 1,60,480 పోగా డిపాజిట్లో మిగిలింది 43,520. ఇందులో టీడీఎస్, అంటే చెల్లింపులో మేము మినహాయించి వాళ్ల పేరిట ప్రభుత్వానికి కట్టే పన్ను, లెక్క కలపలేదు.

ఖాళీ చేశాక పెయింటింగ్‌కి 18,000 అన్నారు. చేరిన రోజు తీసిన ఫొటోల్లో గోడల మీద అప్పటికే మరకలున్నాయి, వైట్‌బోర్డు మేకుల రంధ్రాలు మాత్రం మావే. 5,000కి దిగారు.

డిపాజిట్ 45 రోజుల్లో అన్నారు, 71వ రోజు వచ్చింది. మేము కట్టిన టీడీఎస్ వాళ్ల 26ASలో, అంటే వాళ్ల పేరిట జమైన పన్ను చూపించే ఆదాయపు పన్ను శాఖ స్టేట్‌మెంట్లో, కనబడే దాకా ఆపారు. ఏప్రిల్ అద్దె టీడీఎస్ జూన్ త్రైమాసికం రిటర్న్‌లో వెళ్తుంది, దానికి గడువు జులై 31. చలానా పంపినా ఒప్పుకోలేదు. జులై మొదటి వారంలోనే రిటర్న్ వేయించాం, పదో తేదీన 38,520 పడింది.

ఇప్పుడు కొండాపూర్‌లో మూడు సీట్లున్నాయి. ఒప్పందంలో ఒకే వాక్యం చేర్చమన్నాను: నోటీసును లాక్-ఇన్ లోపలే ఇవ్వవచ్చు, అది లాక్-ఇన్ చివరి రోజున పూర్తికావచ్చు. వాళ్లు ఐదు నిమిషాల్లో ఒప్పేసుకున్నారు.