కోరాపుట్‌లో గుడ్లు ఉడకబెట్టడానికి వంట థర్మామీటర్: చాలాకాలం వాడాక

సన్నటి స్టీలు ముల్లున్న మామూలు డిజిటల్ థర్మామీటర్. కేకుల కోసమని కొన్నాం, ఎక్కువగా పనికొచ్చింది మాత్రం కోడిగుడ్లకే.

కోరాపుట్‌లో మా స్టౌ మీద నీళ్లు ఎంత సలసలా మరిగినా ఇది 97 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. ఐసు నీళ్లలో ముంచితే 0 చూపిస్తుంది కాబట్టి పరికరం సరైనదే. ఊరు సముద్రమట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది, నీళ్లు ఇక్కడ తక్కువ వేడికే మరుగుతాయి. మంట పెంచితే ఆవిరి పెరుగుతుంది గానీ వేడి పెరగదు. "విజయనగరంలో ఆరు నిమిషాలకే అయ్యేవి, ఇక్కడి గ్యాస్‌లో పస లేదమ్మా" అని మా అత్తయ్యగారు అంటుంటారు. గ్యాస్‌ది తప్పేం లేదు, ఆ మూడు డిగ్రీల తేడాకి అర నిమిషం నుంచి నిమిషం దాకా అదనంగా పడుతుంది, అంతే.

మరిగే నీళ్లలో వేసిన మామూలు సైజు గుడ్డుకి, ఫ్రిజ్‌లోది కాకపోతే, మా ఇంట్లో లెక్క ఇది: పచ్చసొన కారేలా కావాలంటే ఆరున్నర నిమిషాలు, మధ్యలో జిగురుగా ఉండాలంటే తొమ్మిది, పూర్తిగా గట్టిపడాలంటే పన్నెండు. దించగానే చన్నీళ్లలో వేయాలి, లేకపోతే లోపలి వేడికి ఇంకా ఉడుకుతూనే ఉంటుంది. బాగా ఎక్కువసేపు ఉడికితే తెల్లసొనలోని గంధకం పచ్చసొనలోని ఇనుముతో కలిసి చుట్టూ ఆకుపచ్చ వలయం కడుతుంది. తినొచ్చు, కానీ వాసన బాగోదు.

థర్మామీటర్ లేకపోతే నాకు తెలియకపోయేది ఇంకొకటుంది. మంట ఆపుతూ వెలిగిస్తూ నీళ్లని 65 డిగ్రీల దగ్గరే గంటసేపు ఉంచి చూశాను. పగలగొడితే పచ్చసొన వెన్నలా చిక్కబడింది, తెల్లసొన మాత్రం జారిపోతూనే ఉంది! తెల్లసొనలో ఒక ప్రొటీన్ 61, 62 డిగ్రీలకే చిక్కబడడం మొదలుపెడుతుంది, కానీ తెల్లసొన ప్రొటీన్లలో సగానికి పైగా ఉండే ఓవాల్బుమిన్‌కి 80 దాటాలి. పచ్చసొన 65 దగ్గర చిక్కబడి 70 దగ్గర గడ్డకడుతుంది. మామూలుగా తెల్లసొనే ముందు గట్టిపడుతుందంటే, పెంకుకి ఆనుకుని ఉంది కాబట్టి మరిగే నీళ్ల వేడి దానికి ముందు తగులుతుంది. కాబట్టి పచ్చసొన కారాలి, తెల్లసొన నిలబడాలి అంటే బాగా వేడి నీళ్లు, తక్కువ సమయం. సన్న సెగ మీద ఎంతసేపు ఉంచినా అది రాదు. పసిపిల్లలకీ గర్భిణులకీ మాత్రం పూర్తిగా ఉడికిందే పెడతాం.

లోపాలూ ఉన్నాయి. ముల్లు గిన్నె అడుక్కి తగిలితే అంకె తప్పు చూపిస్తుంది. గుడ్డులోకి గుచ్చితే పెంకు చిట్లి ఆ గుడ్డు పాడే, కాబట్టి లోపలి వేడి చూడడానికి కొనకండి. ఆవిరికి అద్దం మసకబారుతుంది, బటన్ సెల్ మూత వదులైంది. రోజూ గుడ్లకైతే సెల్‌ఫోన్‌లో టైమర్ చాలు. ఇది ఒక్కసారి మీ ఊళ్లో నీళ్లు ఎంతకి మరుగుతాయో చూసుకోవడానికి, పొరుగువాళ్లని అడిగి తెచ్చుకున్నా సరిపోతుంది.