ΔS గుర్తు చెప్పడానికి ఏది మేలు: క్రమరాహిత్యమా, వాయువు మోల్‌ల లెక్కా?

ఎంట్రోపీ మార్పు ΔS ప్లస్సా మైనస్సా అని అడిగితే దేన్ని పట్టుకుని చెప్పాలి? ఇంటర్ కెమిస్ట్రీ చదివేవాళ్ల నుంచి ఈ ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది. కొందరు క్రమరాహిత్యం పెరిగిందా తగ్గిందా అని ఊహించుకుంటారు. ఇంకొందరు వాయువు మోల్‌లను లెక్కపెడతారు. రెండూ పనికొచ్చేవే. కానీ సమీకరణంలో వాయువు ఒక్కటి కనబడినా ముందు మోల్‌లే లెక్కపెట్టమంటాను.

ఘనపదార్థం ద్రవంగా కరగడం, ద్రవం ఆవిరవడం దగ్గర పెద్ద పేచీ లేదు, జవాబు ప్లస్సే. అయితే ఎంత ప్లస్ అన్నది గమనించాలి. మంచు 0°C దగ్గర కరిగితే ఎంట్రోపీ 22 పెరుగుతుంది (యూనిట్ అన్నిచోట్లా J K⁻¹ mol⁻¹). అదే నీరు 100°C దగ్గర ఆవిరైతే 109 పెరుగుతుంది, అంటే ఐదు రెట్లు. గది ఉష్ణోగ్రత, 1 బార్ పీడనం దగ్గర ఒక మోల్ వాయువుకు దాదాపు 25 లీటర్ల చోటు కావాలి. ఒక మోల్ నీటికి 18 మిల్లీలీటర్లు చాలు. అణువులు అంత చోటులో ఎన్నో రకాలుగా సర్దుకోగలవు కాబట్టే వాయువు ఎంట్రోపీ ముందు మిగతావి చిన్నబోతాయి. నా దృష్టిలో ఈ ప్రశ్నలన్నిటికీ తాళంచెవి ఇదే.

కలపడం సంగతి వేరు. ఒక మోల్ నైట్రోజన్, ఒక మోల్ ఆర్గాన్ ఒకే ఉష్ణోగ్రత, పీడనాల దగ్గర కలిస్తే వాయువు మోల్‌లు మారవు, అయినా ఎంట్రోపీ 2R ln 2, అంటే 11.5 J K⁻¹ పెరుగుతుంది. ఇక్కడ మోల్‌ల లెక్క ఏమీ చెప్పదు, క్రమరాహిత్యమే సరైన జవాబిస్తుంది. నీళ్లలో ఉప్పు కరిగినా అంతే: NaCl కు ప్లస్ 43. కానీ కాల్షియం క్లోరైడ్ కరిగితే మైనస్ 45 వస్తుంది! స్ఫటికం విడిపోయి మూడు అయాన్లయింది కదా, మైనస్ ఎలా? Ca²⁺ మీద రెండు ఆవేశాలున్నాయి. చుట్టూ ఉన్న నీటి అణువులను అది గట్టిగా పట్టి ఒక వరసలో నిలబెడుతుంది. మన చూపు ఘనపదార్థం మీదే ఉంటే నీటికి ఏమైందో కనబడదు. క్రమరాహిత్యాన్ని ఊహించుకునే దారిలో బలహీనత ఇదే: దేన్ని చూడాలో అది చెప్పదు. (మైనస్ అయినా ఎందుకు కరుగుతుందంటారా? మోల్‌కు 81 కిలోజౌళ్ల దాకా వేడి విడుదలై పరిసరాల ఎంట్రోపీని పెంచుతుంది.)

వాయువు మోల్‌లు మారే రసాయన చర్యల దగ్గర మోల్‌ల లెక్కకు తిరుగులేదు. సున్నపురాయిని కాలిస్తే CO₂ ఒక మోల్ పుడుతుంది: ప్లస్ 160. N₂ + 3H₂ → 2NH₃ లో నాలుగు మోల్‌ల వాయువు రెండవుతుంది: మైనస్ 199. టేబుల్ తెరవకుండానే గుర్తు తెలిసిపోతుంది.

తప్పు ఎక్కువగా జరిగేది మాత్రం లెక్కలో కాదు, స్థితిని చదవడంలో. మీథేన్ మండటం చూడండి.

CH₄(g) + 2O₂(g) → CO₂(g) + 2H₂O(l)

ఎడమవైపు వాయువు మూడు మోల్‌లు, కుడివైపు ఒక్కటి. Δn మైనస్ 2, ΔS మైనస్ 243. ఇప్పుడు H₂O పక్కన l తీసి g రాయండి. కుడివైపు కూడా మూడు మోల్‌లయ్యాయి, Δn సున్నా. విలువలు వేసి చూస్తే ΔS మైనస్ 5 మాత్రమే. చర్య అదే, మారింది ఒక్క అక్షరం. గుర్తు ఇక్కడ మారకపోయినా, మొదటిసారి ధైర్యంగా చెప్పగలిగింది రెండోసారి చెప్పలేం. అందుకే సమీకరణం చూడగానే ముందు బ్రాకెట్లలోని అక్షరాలు చదవాలి, గుణకాలు ఆ తర్వాత.

Δn సున్నా అయితే ΔS కూడా సున్నా అని రాసేస్తుంటారు, అది తప్పు. H₂ + Cl₂ → 2HCl కు ప్లస్ 20 వస్తుంది. CO + H₂O → CO₂ + H₂ లో, అన్నీ వాయువులే అయినా, మైనస్ 42. విలువ చిన్నదని మాత్రం చెప్పవచ్చు, గుర్తు ఎటైనా ఉండవచ్చు. అలాంటిచోట క్రమరాహిత్యాన్ని ఊహించుకుని జవాబు లాగకండి.

మూడో దారి ప్రామాణిక ఎంట్రోపీల పట్టిక: ఉత్పన్నాల మొత్తంలోంచి క్రియాజనకాల మొత్తం తీసేయడం. పట్టిక చేతిలో ఉంటే దానికి మించింది లేదు, Δn సున్నా అయినప్పుడు అదే దిక్కు. పరీక్షలో పట్టిక ఇవ్వకుండా గుర్తు అడిగితే, వాయువు మోల్‌లు మారాయా అని చూడండి. మారితే అక్కడే జవాబు రాసేయండి. మారకపోతేనే కరగడమా, కలపడమా అని ఆలోచించండి. నీళ్లలో అయాన్లు కరిగే ప్రశ్నైతే ఆవేశం ఒకటా, రెండా, మూడా అన్నది కూడా చూసుకోండి.