నెల జీతమా, విడి పనులా: రెండున్నరేళ్లు రెండూ చేశాక

మా అత్తగారికి పార్కిన్‌సన్స్. మాత్ర పనిచేస్తున్నంతసేపు ఆవిడ తన పనులు తనే చేసుకుంటారు. ప్రభావం తగ్గిందంటే కుర్చీలోంచి లేవడానికి కూడా మనిషి కావాలి. అది ఏ పూట తగ్గుతుందో ముందు చెప్పలేం. ఈ ఇంటి నుంచే మొదట 14 నెలలు ఒక ఆఫీసులో పార్ట్‌టైమ్ లెక్కల పని చేశాను, తర్వాత 16 నెలలు ఇంట్లో కూర్చుని ఆడియో విని టైప్ చేసే విడి పనులు చేశాను.

ఆఫీసు పని రోజుకు నాలుగు గంటలు, వారానికి ఐదు రోజులు. అత్తగారిని మూడు రోజులు ఆసుపత్రిలో ఉంచాల్సి వచ్చినప్పుడు సెలవు పెట్టాను, జీతం ఆగలేదు. అంత పెద్ద గండం అంత సులువుగా గడిచిపోతుందని నేననుకోలేదు. నన్ను కుంగదీసింది అరగంట, ముప్పావుగంట ఆలస్యాలు. సరిగ్గా నేను బయల్దేరే వేళకి ఆవిడ కాళ్లు నేలకి అతుక్కుపోయినట్టు ఆగిపోయేవి. ఒక నెలలో ఇలా ఏడుసార్లు ఆలస్యమైంది. అన్నీ కలిపినా ఐదు గంటలు కూడా కాదు, కానీ హాజరు పట్టీలో ఏడు ఎర్ర గుర్తులు. మేనేజరు చెడ్డవాడేం కాదు. 'ఒక రోజంతా రాకపోతే సర్దుకుంటానమ్మా, ఎప్పుడొస్తావో తెలియకపోతేనే కష్టం' అన్నాడు. అతని వైపు నుంచి చూస్తే నిజమే.

విడి పనులకి మారాక ఆ ముప్పావుగంటలు సమస్యే కాకుండా పోయాయి. ఫైలు ఆపి, వెళ్లి, వచ్చి మళ్లీ మొదలుపెట్టడమే. మొదటి రెండు నెలలు అందరికీ ఇదే చెయ్యమని చెప్పాను. తొందరపడ్డాను.

ఎందుకో ఒక ఫైలు కథ చెబితే తెలుస్తుంది. గంట నిడివి రికార్డింగు, సోమవారం సాయంత్రం తీసుకున్నాను, గడువు బుధవారం సాయంత్రం ఆరు. మాటలు స్పష్టంగా ఉంటే గంట ఆడియోకి నాకు నాలుగు గంటలు పడుతుంది. ఇందులో ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు, వెనక ఫ్యాను చప్పుడు. రెండు గంటలు చేశాక చూస్తే మూడో వంతే అయింది, అంటే మొత్తం ఆరు గంటల పని. మంగళవారం మధ్యాహ్నం అత్తగారు పడ్డారు. ఎక్స్‌రే, కట్టు, ఇంటికొచ్చేసరికి రాత్రి. బుధవారం నాకు చిక్కింది రెండు గంటలు. ఫైలు వెనక్కి ఇచ్చేశాను. చేసిన నాలుగు గంటలకి పైసా రాలేదు. పైగా రేటింగు పడిపోయి, తర్వాత మూడు వారాలు నాకు చిన్నాచితకా ఫైళ్లే కనిపించాయి. మన వీలు బట్టి చేసుకోవచ్చంటారు గానీ, ఆ వీలంతా మొదలుపెట్టడంలోనే. ముగించేది వాళ్ల గడువు ప్రకారమే.

డబ్బు సంగతి. ఆఫీసు జీతాన్ని 100 అనుకుంటే, ఒక ఆరు నెలల్లో విడి పనుల మీద వచ్చింది వరుసగా 118, 96, 131, 88, 22, 64. సగటు 86 పైచిలుకు, చూడ్డానికి ఫరవాలేదు. కానీ ఆ 22 వచ్చిన నెల ఏదనుకున్నారు? అత్తగారు పడ్డ నెల. మందులకీ ఫిజియోథెరపీకీ ఎక్కువ ఖర్చయిన నెలలోనే చేతికి తక్కువొచ్చింది. ఇది దురదృష్టం కాదు, ఈ ఏర్పాటు పనిచేసే తీరే అంత: ఇంట్లో అవసరం పెరిగిందంటే పని గంటలు పడిపోతాయి, గంటలు పడితే రాబడి పడుతుంది. సగటులో ఇది కనిపించదు.

ఇంకొకటి కూడా రాసి పెట్టుకున్నాను. ఒక వారం కంప్యూటరు ముందు కూర్చున్నది 19 గంటలైతే డబ్బొచ్చింది పన్నెండున్నరకే. మిగతాదంతా ఫైళ్లు వెతకడం, ఒక్కో క్లయింటు నియమాలు చదవడం, తిరిగొచ్చిన తప్పులు దిద్దడం. ఆఫీసులో అయితే ఇలాంటి పనికీ జీతమిస్తారు. అయితే రాకపోకలకి వారానికి ఐదు గంటలు పోయేవి, ఆ మాటా చెప్పాలి.

నన్నెవరైనా ఏది మేలని అడిగితే, ముందు రెండు నెలలు ఇంటి అవాంతరాలు రాసిపెట్టమంటాను. ఎన్ని వచ్చాయన్నది కాదు, ఒక్కోటీ ఎంతసేపు పట్టిందన్నది. ఎక్కువగా గంటలోపువైతే విడి పనులు. అరుదుగా వచ్చి రోజులకు రోజులు మింగేవైతే జీతం ఉద్యోగం, అదీ సెలవులకు జీతమిస్తేనే. సెలవు పెట్టిన ప్రతి రోజుకీ కోత పెట్టేచోట ఆ లాభం ఉండదు.

మా ఇంట్లో రెండు రకాలూ ఉన్నాయి. అందుకే నాలుగు నెలల కిందట పాత ఆఫీసుకే వెళ్లి, వేళలు కాకుండా వారానికి 12 గంటలు లెక్కగట్టే పద్ధతి అడిగాను. జీతం 60కి దిగింది, ఒప్పుకున్నాను. విడి పనులు మానలేదు గానీ పావుగంట దాటిన ఫైలు ముట్టను. అది కూడా నా అంచనాకి రెట్టింపు సమయం గడువులో ఉంటేనే. మొన్న ఒక గంట ఫైలు మంచి రేటుతో కనిపించింది. కాసేపు చూసి వదిలేశాను.